గౌను కింద నాయన నేసిన చీర

ఫోటోలో నల్ల గౌను కింద రెండంగుళాల ఎర్ర జరీ అంచు కనిపిస్తోంది చూడండి. అది మా నాయన నేసింది. ఈరోజు బి.టెక్ పట్టా తీసుకున్నా, ఈసీఈ, జేఎన్‌టీయూ అనంతపురం. కానీ ముందు ఆ అంచు గురించే చెప్పాలి.

మాది ధర్మవరం. ఇంట్లో సగం చోటు గుంట మగ్గానిదే, మిగిలిన సగంలో మేం నలుగురం. నాయన నేసిన చీరలన్నీ షావుకారు అంగడికే పోతాయి. అమ్మ ఇన్నేళ్లుగా వాటికి కండెలు చుట్టింది కానీ ఒక్కటీ కట్టలేదు. పరీక్షలప్పుడు నేను గట్టిగా చదువుతుంటే రాట్నం ఆపి వినేది. అర్థమయిందా అంటే, "నీకయితే చాల్లే" అనేది.

నా చివరి సెమిస్టర్‌లో నాయన కూలి పని అయ్యాక రాత్రుళ్లు కూర్చుని ఈ చీర నేశాడంట. నాకు నిన్నటిదాకా తెలీదు. తీరా పొద్దున గౌను వేసుకుంటే చీరంతా దాక్కుంది. నాయన దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు: "ఏమ్మా, ఈ కోటు ఏసుకోకుంటే పట్టా ఇయ్యరా?" నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేశా. అందుకే ఫోటోలో కాటుక అట్లుంది, దయచేసి ఎవరూ అడగొద్దు.

పదో తరగతి అయ్యాక ఆడపిల్లకు ఇంక చదువెందుకని బంధువులు అన్నప్పుడు, మా లెక్కల సారు మూడు రోజులు వరసగా ఇంటికొచ్చారు. మగ్గం గుంట అంచున కూర్చుని, నాయన 'సరే' అనేదాకా టీ కూడా తాగలేదు. సార్, ఆ టీ బాకీ ఇంకా ఉంది. ఈ ఆదివారం తప్పకుండా రండి.

ఫస్టియర్‌లో ఇంగ్లీషు పాఠం తలకెక్కక, ఎం-వన్ సప్లీ పడి, సామాను సర్దుకుంటుంటే ల్యాబ్ మేడమ్ పిలిచి, "డౌటు తెలుగులోనే అడుగు, సిగ్గెందుకు?" అన్నారు. ఆ తర్వాత నేను అడగని రోజు లేదు, మేడమ్ విసుక్కున్న రోజూ లేదు. సరే, ఒకట్రెండు సార్లు విసుక్కున్నారు. మేడమ్, మీకు వంద దండాలు.

అమ్మా, నాయనా, స్టేజీ మీద నా పేరు పిలిచినప్పుడు మీరిద్దరూ చప్పట్లు కొట్టడం మర్చిపోయి అట్లే నిలబడిపోయారు. నేను చూశా. పట్టా అందుకున్న చెయ్యి అప్పుడే వణికింది, అంతకుముందు టెన్షనేం లేదు.

నాయన సాయంత్రం రైలుకే వెళ్లిపోతున్నాడు, మగ్గం మీద సగం చీర ఉందంట. నేను ఐదింటికల్లా గౌను తిరిగిచ్చేయాలి. ఆ తర్వాత చీరలో క్లాక్ టవర్ దాకా నడిచి వెళ్తాం, అమ్మా నేనూ. అందరికీ కనబడేలా.