ఏడు ప్రాజెక్టులు, ఒక్క పేజీ: 2025 నవంబరు 14, శుక్రవారం

మేడమ్ గారికి,

సోమవారం విజయనగరంలో మీటింగుకి ముందు చూసుకోవడానికి. టైం లేకపోతే పట్టిక, దాని కింద మొదటి రెండు పేరాలు చాలు.

| ప్రాజెక్టు | ఇప్పుడు ఎక్కడుంది (వాళ్ల మాటల్లోనే) | ఇచ్చిన తేదీ | ఇప్పటి అంచనా | తేడా | ఖర్చు / బడ్జెట్ (లక్షలు) | రంగు |
|---|---|---|---|---|---|---|
| ఉద్దానం తాగునీటి ప్లాంట్లు, 6 ఊళ్లు | నాలుగింట మిషన్ బిగించారు, రెండింట కరెంటు లేదు | డిసెంబరు 15 | జనవరి 20 | 36 రోజులు | 18.6 / 24 | ఎరుపు |
| పలాస మహిళల జీడి యూనిట్ | రెండో విడత పప్పు పొట్టు తీస్తున్నారు | నవంబరు 30 | డిసెంబరు 18 | 18 రోజులు | 9.4 / 11 | పసుపు |
| బొబ్బిలి వీణ శిష్యులు, 5 మంది | దుంగ ఆరుతోంది | ఫిబ్రవరి 28 | మార్చి 20 | 20 రోజులు | 1.2 / 3.5 | పసుపు |
| పొందూరు వడుకు శిక్షణ | 22 మందిలో 13 మంది సొంతంగా వడుకుతున్నారు | డిసెంబరు 31 | జనవరి 8 | 8 రోజులు | 3.1 / 6 | ఆకుపచ్చ |
| విజయనగరం బడుల మరమ్మతు, 14 బడులు | 9 అప్పగించాం, 5 బడుల్లో రంగులు వేస్తున్నారు | నవంబరు 25 | నవంబరు 25 | లేదు | 21 / 28 | ఆకుపచ్చ |
| గజపతినగరం చెరువుల పూడిక, 3 చెరువులు | సర్వే అయింది, నీళ్లు తగ్గాలి | మే 31 | మే 31 | లేదు | 0.8 / 15 | ఆకుపచ్చ |
| కళింగపట్నం పడవల భద్రత | కబురు లేదు | జనవరి 31 | తెలీదు | తెలీదు | 2.2 / 5 | బూడిద |

మీ నిర్ణయం కోసం ఆగినది ఒక్కటే, ఉద్దానం కరెంటు. రెండు ఊళ్లకు స్తంభాలు వేయించి లైను లాగడానికి 1.4 లక్షలు కట్టాలి. అది బడ్జెట్లో రాసుకోలేదు. అత్యవసర నిధి నుంచి ఇమ్మని నవంబరు 3న అడిగాం, ఇవాళ్టికి 11 రోజులు. కాగితం మన ఆఫీసులోనే ఉంది. పట్టికలో ఎరుపు ఆ టీమ్ పేరు పక్కన కనబడుతోంది కానీ, ఆలస్యంలో మూడో వంతు మనదే. మిగతాదాంట్లో కొంత మొంథా తుఫాను వానలది: సోంపేట వైపు షెడ్డు పని ఆరు రోజులు ఆగింది. సోమవారం మీరు సంతకం పెడితే అంచనా జనవరి 8కి వస్తుందని సైట్ ఇంజనీరు అంటున్నారు. అలా వచ్చినా ఎరుపు పసుపు అవుతుంది తప్ప ఆకుపచ్చ కాదు. కిడ్నీ జబ్బుతో ఉన్న ఇళ్లు ఆ రెండు ఊళ్లలోనూ ఉన్నాయి. అందుకే అప్పగింత తేదీ జరపడం కంటే డబ్బు జరపడమే నయమని నా అభిప్రాయం.

రెండోది కళింగపట్నం. 14 రోజులుగా అప్‌డేట్ లేదు, ఖర్చు అంకె కూడా అక్టోబరు 31 నాటిది. పది రోజులు దాటితే పాత రంగు ఉంచకుండా బూడిద వేస్తున్నాం. పోయిన నెల వాళ్లది ఆకుపచ్చ. ఆ రంగునే ఈ వారమూ చూపిస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. లైఫ్ జాకెట్లు వచ్చాయని విన్నాను, కళ్లతో చూసేదాకా రాయను.

ఈ పేజీ పోయినేడాది దానికంటే ఎందుకు వేరుగా ఉందో మీకు చెప్పాలి. నిరుడు అందరికీ ఒకే షీటు ఇచ్చాం: ప్రణాళిక, డిజైన్, అమలు, తనిఖీ, ముగింపు. ఎంత శాతం అయిందో నింపమన్నాం. గొల్లపల్లిలో వీణ మేస్త్రి గారు ఆ కాగితం పట్టుకుని, "ఇందులో పనస దుంగ ఎక్కడ రాయాలి బాబూ?" అన్నారు. నేనే "అమలు" గడిలో 40 శాతం వేసి వచ్చాను. నలభై ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు. అదే నెలలో బడుల మరమ్మతు కాంట్రాక్టరు కూడా 40 రాశారు. రెండూ పక్కపక్కన ఒకేలా కనబడ్డాయి. ఒకటి గోడ, ఇంకొకటి ఇంకా తడి ఆరని చెక్క.

ఇప్పుడు ఎవరి దశలు వాళ్లవి. పొందూరులో దూది దగ్గర్నుంచి లెక్క: వాలుగ చేప దవడతో దువ్వడం, ఏకడం, వడకడం. వాళ్ల పుస్తకంలో శాతాలు లేవు, ఎవరు ఎన్ని చిలపలు తీశారో ఉంటుంది. జీడి యూనిట్లో బస్తాలు, బడుల్లో అప్పగింత సంతకాలు. వాటిని నేను మార్చమనను. అందరినీ అడిగేది మూడే: మొదట ఇచ్చిన తేదీ ఏది, ఇప్పుడు ఏ తేదీ అనుకుంటున్నారు, ఎవరి కోసం ఆగారు. రంగు టీములు వేసుకోవు. తేడా 10 రోజుల లోపైతే ఆకుపచ్చ, 30 దాకా పసుపు, ఆపైన ఎరుపు. మొదటి తేదీ ఎప్పటికీ చెరపం, కొత్త అంచనా దాని పక్కన వస్తుంది.

ఈ లెక్కకు ఒక ఇబ్బంది ఉంది. వీణ పసుపు, జీడి పసుపు. కానీ రెంటికీ ఒకే మందు వేయకూడదు. పలాసలో ఆలస్యం మనుషుల కొరత వల్ల. పొట్టు తీసే 12 మందిలో నలుగురు వరి కోతలకు వెళ్లారు. కూలి రేటు సవరిస్తే ఇద్దరైనా వస్తారని యూనిట్ లీడర్ చెప్పింది, ఆ లెక్క ఆమే తెస్తుంది. బొబ్బిలిలో దుంగ వానల్లో వచ్చింది, ఆరాలి. హడావుడిగా పని మొదలెట్టమని ఫోన్లు చేస్తే పగిలేది మన వీణే. "పచ్చి చెక్క మీద ఉలి ఎడితే పగిలిపోద్ది, ఆరనీండి" అన్నారు మేస్త్రి గారు. అక్కడ మనం చేయగలిగింది ఏమీ లేదు, అడగకుండా ఉండడం తప్ప. ఈ లోపు శిష్యులు పాత చెక్క ముక్కల మీద చెక్కడం సాధన చేస్తున్నారు.

గజపతినగరం చెరువులు చూసి పైవాళ్లు అడగొచ్చు, 15 లక్షల్లో ఇంకా లక్ష కూడా ఖర్చు కాలేదేమిటని. చెరువులో నీళ్లుండగా పూడిక ఎలా తీస్తాం? ఏప్రిల్, మే నెలల పని అది. తేదీ మే 31 అని మొదటే రాసుకున్నాం కనుక తేడా లేదు. అయితే ఏప్రిల్ 10 నాటికి మిషన్ దిగకపోతే నేను నేరుగా ఎరుపు వేస్తాను. అక్కడ వానలు ముందే వస్తే మళ్లీ ఏడాది పోతుంది.

బడుల గురించి చెప్పేదేమీ లేదు. ఐదు బడుల్లో రంగుల డబ్బాలు వచ్చేశాయి.

మొత్తం ఖర్చు 56.3 లక్షలు, బడ్జెట్ 92.5. ఈ రెండు అంకెల్ని భాగించి పై ఆఫీసుకి శాతం పంపొద్దని నా మనవి. అందులో చెరువుల 15 లక్షలు కలిసి ఉన్నాయి, చూసేవాళ్లకి మనం నిద్రపోతున్నట్టు కనబడుతుంది. అడిగితే చెరువులు తీసేసి చెప్పండి: 77.5లో 55.5.

రేపు పొద్దున్నే కళింగపట్నం వెళ్తున్నాను. జాకెట్లు లెక్కపెట్టి, శిక్షణ రిజిస్టరు చూసి, ఆదివారం సాయంత్రానికి ఆ బూడిద గడి నింపి పంపుతాను. ఉద్దానం కాగితం మీ టేబుల్ మీద నీలం ఫైలులో ఉంది.

శ్రీకాకుళం ఆఫీసు నుంచి,
ప్రాజెక్టుల సమన్వయకర్త