రొయ్యల గుంట కౌలుకు తీసుకునే ముందే తెలిసి ఉంటే బాగుండేదనిపించే మూడు విషయాలు

నెల్లూరు జిల్లా విడవలూరు, ఇందుకూరుపేట మండలాల్లో గానీ, ప్రకాశం జిల్లా కొత్తపట్నం, సింగరాయకొండ వైపు గానీ గుంట కౌలుకు తీసుకుని మొదటిసారి వెనామీ రకం రొయ్య వేయబోతున్నవారి కోసం ఈ మూడు విషయాలు చెబుతున్నాను. వీటిలో మొదటిది అందరూ చెబుతారు. రెండోది అనుభవమున్న కొందరు చెబుతారు. మూడోది మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు, కాబట్టి దానికి ఎక్కువ సమయం తీసుకుంటాను. లెక్కలన్నిటికీ ఒకే గుంటను ఉదాహరణగా పెట్టుకుందాం: రెండున్నర ఎకరాల గుంట, 2,25,000 పిల్ల. ధరలు రోజూ మారతాయి కనుక నేను చెప్పే రూపాయలను లెక్క కోసం అనుకున్నవిగానే తీసుకోండి.

మొదటిది, సీడ్, అంటే గుంటలో వదిలే రొయ్య పిల్ల. హేచరీ వారు ‘ఎస్.పి.ఎఫ్.’ అన్నప్పుడు దాని అర్థం తల్లి రొయ్యలకు కొన్ని నిర్దిష్టమైన జబ్బులు లేవని మాత్రమే. ఆ పిల్లకు మీ గుంటలో జబ్బు రాదని కాదు. పిల్లను దించుకునే ముందు మీరు ఎంచుకున్న ట్యాంకు నుంచే నమూనా తీయించి, తెల్లమచ్చ వైరస్‌కూ, ఇ.హెచ్.పి. అనే సూక్ష్మజీవికీ పీసీఆర్ పరీక్ష చేయించండి. తెల్లమచ్చ వస్తే రొయ్య చచ్చి తేలుతుంది కనుక అందరికీ దానిమీదే భయం. ఇ.హెచ్.పి. రొయ్యను వెంటనే చంపదు. దాని కాలేయం వంటి అవయవాన్ని పట్టుకుని ఎదుగుదలను ఆపేస్తుంది. దానిని నయం చేసే మందు లేదు. కిలోకు తూగే రొయ్యల సంఖ్యను కౌంటు అంటారు, రొయ్య పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. మేత తింటూనే ఉండి అనుకున్న కౌంటుకు రాని గుంట ఎంత ఖర్చో వేరే చెప్పనక్కరలేదు. పిల్లకు 5 పైసలు తక్కువని పరీక్ష లేని సీడ్ తెచ్చుకుంటే మన ఉదాహరణలో మిగిలేది 11,250 రూపాయలే.

రెండోది, మేత. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది కనుక బస్తా ధర ఎంతని అందరూ అడుగుతారు, కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందని అడిగేవారు తక్కువ. గుంటలో 3,600 కిలోల రొయ్య పండిందనుకుంటే, కిలోకు కిలోన్నర మేత పట్టిన రైతుకూ, 1.3 కిలోలతో సరిపెట్టిన రైతుకూ మధ్య తేడా 720 కిలోలు. కిలో మేత 90 రూపాయలైతే అది 64,800 రూపాయలు. ఈ తేడా, రొయ్యలు ఎంత తిన్నాయో చూడడానికి మేత వేసి గుంటలో దించే చెక్ ట్రేల దగ్గరే తేలుతుంది. ట్రేలో మేత మిగిలితే తరువాతి పూట తగ్గించాలి. కుర్రవాడు చెప్పిన మాటను నమ్మి కాకుండా, ట్రేను మీ కళ్లతో చూసి తగ్గించాలి. మబ్బు పట్టిన రోజునా, ఎక్కువ రొయ్యలు గుల్ల వదిలే రోజుల్లోనూ అవి తక్కువగా తింటాయి, ఆ రోజుల్లో మేత పట్టికలోని లెక్కను పక్కన పెట్టాలి.

మిగిలిన మేతతో పోయేది డబ్బు ఒక్కటే కాదు. అది గుంట అడుగున కుళ్లి అమ్మోనియాను పెంచుతుంది, కుళ్లే క్రమంలో నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్‌ను తీసుకుంటూనే ఉంటుంది కనుక తెల్లవారబోయే ముందు అది కనిష్ఠానికి పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలంటే, మీటరుతో కొలవాల్సింది మధ్యాహ్నం కాదు, ఆ వేళలోనే. అర్ధరాత్రి తరువాత డీజిల్ మిగులుతుందని, నీటిలో గాలి కలిపే ఏరేటర్లను ఆపే కాపలాదారు గురించి కూడా ఇక్కడే ఆలోచించుకోండి.

ఇక మూడోది. రొయ్యల సాగులో లాభనష్టాలను తేల్చే రోజు పట్టుబడి రోజు, అంటే రొయ్యలను పట్టి అమ్మే రోజు. ఆ రోజు ఎప్పుడో నిర్ణయించే అధికారం పిల్ల వదిలిన నాడే మీ చేతిలోంచి జారిపోయే అవకాశం ఉంది.

ముందు లెక్క చూద్దాం. గుంటలో నూటికి 80 పిల్లలు బతికి 1,80,000 రొయ్యలున్నాయి, ఇప్పుడు 60 కౌంటు, అంటే మొత్తం 3,000 కిలోలు. కిలో 300 రూపాయల చొప్పున ఈ రోజే పట్టేస్తే 9,00,000 రూపాయలు వస్తాయి. ఆగితే 50 కౌంటు అవుతుంది. రొయ్య రోజుకు 0.2 గ్రాములు పెరుగుతుంటే అందుకు సుమారు 17 రోజులు పడుతుంది. అప్పటికి సరుకు 3,600 కిలోలు, ధర 320 అయితే వచ్చేది 11,52,000. పైకి కనిపించే అదనం 2,52,000 రూపాయలు. కానీ ఆ 17 రోజులకు రోజుకు సగటున 80 కిలోల మేత, కరెంటు, కూలి, ఇతర ఖర్చులు కలిపి రోజుకు 10,000 వేసుకుంటే 1,70,000 పోగా నిజంగా మిగిలేది 82,000 మాత్రమే. ఈలోగా ధర కిలోకు 23 రూపాయలు పడినా, లేదా నూటికి ఏడెనిమిది రొయ్యలు చచ్చినా ఆ మొత్తం కరిగిపోతుంది. మార్చిలో ఆగే 17 రోజులూ, వాయుగుండాలు వరుసకట్టే అక్టోబరు, నవంబరు నెలల్లో ఆగే 17 రోజులూ ఒకటి కావు. ధర సంగతికి వస్తే, మన రొయ్యలను ఎక్కువగా కొనే అమెరికా 2025 ఆగస్టులో సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, గుంటలో సరుకున్న రైతుకు ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేదు.

కాబట్టి 60 కౌంటు దగ్గర పట్టాలా, ఆగాలా అన్నది ప్రతిసారీ ఈ లెక్క వేసి తేల్చుకోవాల్సిన విషయం. అయితే మేతను అరువుకు తెచ్చుకున్న రైతు ఈ లెక్క ఎంత బాగా వేసినా ఉపయోగం తక్కువ. అరువు మేతకు నగదు ధర కంటే ఎక్కువ పడుతుంది, అది అందరికీ తెలిసిన సంగతే. దానికంటే ఖరీదైనది మరొకటి ఉంది. బాకీ పెరిగాక చివరి వారాల్లో వ్యాపారి మేత ఆపితే ఆగాలనుకున్న రైతు పట్టుకోవాల్సి వస్తుంది, సరుకు ఫలానా వారికే ఇవ్వాలన్న షరతు ఉంటే మరొకరు ఎక్కువ ధర చెప్పినా ఇవ్వలేడు, కౌంటు తీసేటప్పుడు నమూనా మీద గట్టిగా మాట్లాడలేడు. వ్యాపారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తన డబ్బు గుంటలో ఉన్నవాడు తన భద్రత చూసుకుంటాడు.

దీనికి మార్గం మొత్తం సాగును నగదుతో చేయడమని నేను అనను, మొదటిసారి దిగేవారిలో చాలామందికి అది సాధ్యం కాదు. మొదటి నెలల మేత అరువు తెచ్చుకున్నా సరే, ఆఖరి దశ మేత డబ్బును మాత్రం పిల్ల వదిలే రోజునే విడిగా బ్యాంకులో వేయండి. మన ఉదాహరణలో అది 17 రోజులకు 1,360 కిలోలు, అంటే 1,22,400 రూపాయలు. ఆ మొత్తం సమకూరడం లేదంటే పిల్లను తగ్గించి వేయండి గానీ దానిని ముట్టుకోకండి. సరుకును ఎవరికైనా అమ్ముకునే స్వేచ్ఛ ఉంటుందన్న మాటను అరువు మాట్లాడుకునే రోజే కాగితం మీద రాయించుకోండి. ఆ తరువాత పట్టుబడికి ముందు కనీసం ముగ్గురు కొనుగోలుదారులను కౌంటు వారీగా ధర అడగండి, నమూనా తూకం మీ ఎదుటే వేయించండి, రొయ్యల నుంచి నీరు ఎంతసేపు కారనిస్తారో, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో వల గుంటలో పడక ముందే తేల్చుకోండి.