ఫైనల్ అకౌంట్ స్టేట్‌మెంట్, మిగిలిన రిటెన్షన్ విడుదల కోసం విజ్ఞప్తి

తేదీ: 7 ఏప్రిల్ 2025

గౌరవనీయులైన యజమాని గారికి,
ప్రతి: ఆర్కిటెక్ట్ గారికి

విషయం: మూడంతస్తుల ఇంటి నిర్మాణం – ఫైనల్ అకౌంట్, రిటెన్షన్ రెండో సగం విడుదల, బ్యాంక్ గ్యారంటీ వాపసు

అయ్యా,

ఇంటిని మీకు అప్పగించింది 14 మార్చి 2024న. ఒప్పందంలోని పన్నెండు నెలల డిఫెక్ట్స్ లయబిలిటీ పీరియడ్ 13 మార్చి 2025తో పూర్తయింది. మార్చి 20న మీరు, ఆర్కిటెక్ట్ గారు, మా సైట్ ఇంజనీర్ కలిసి ఇల్లంతా తిరిగి చూశారు. ఆ తనిఖీని బట్టి ఆర్కిటెక్ట్ గారు మార్చి 28న లోపాల సవరణ సర్టిఫికెట్ ఇచ్చారు. క్లాజ్ 17 ప్రకారం సర్టిఫికెట్ అందిన 30 రోజుల్లోపు, అంటే ఏప్రిల్ 27లోపు, మిగిలిన రిటెన్షన్ మాకు రావాలి. టెర్రస్ పని తేలేదాకా రిటెన్షన్ ఇవ్వలేమని ఏప్రిల్ 2న మీరు రాసిన ఉత్తరం చూశాం. దానికి జవాబు కింద వివరంగా ఇస్తున్నాం. ముందు లెక్క.

ఫైనల్ అకౌంట్ (రూపాయల్లో)

మూల ఒప్పంద మొత్తం: 1,84,50,000
అదనపు పనులు
– సెల్లార్ గోడకు బయటి వైపు వాటర్‌ప్రూఫింగ్: 4,20,000
– ప్రహరీ గోడ 18 మీటర్ల పొడిగింపు: 3,15,000
– కిటికీ గ్రిల్స్ డిజైన్ మార్పు: 1,40,000
తీసేసిన పని: రెండో అంతస్తు ఫాల్స్ సీలింగ్: (–) 3,60,000
లిఫ్ట్ ప్రొవిజనల్ సమ్ సర్దుబాటు (అంచనా 12,00,000, అసలు ఖర్చు 11,35,000): (–) 65,000
ఇప్పటిదాకా సర్టిఫై అయిన మొత్తం: 1,89,00,000
పునాది తవ్వకం తుది కొలతల తేడా (72 ఘనపు మీటర్లు, మీటరుకు 450 చొప్పున): 32,400
ఫైనల్ అకౌంట్ మొత్తం: 1,89,32,400

ఇప్పటివరకు మీరు చెల్లించింది (రిటెన్షన్ మొదటి సగంతో కలిపి): (–) 1,84,27,500
మిగిలింది: 5,04,900
ఇందులో రిటెన్షన్ రెండో సగం 4,72,500, తవ్వకం తేడా 32,400.
మీరు వేరే ప్లంబర్‌తో చేయించిన పైపు రిపేరు: (–) 8,500
మాకు రావాల్సిన నికర మొత్తం: 4,96,400

రన్నింగ్ బిల్లుల్లో మూలంలో కోసిన పన్నును చెల్లించినట్టుగానే లెక్కలోకి తీసుకున్నాం. అదనపు పనులు మూడింటికీ ఆర్కిటెక్ట్ గారి రాతపూర్వక ఆదేశాలున్నాయి, వాటి కాపీలు జతచేస్తున్నాం. నోటిమాటగా చేసిన చిన్నాచితకా పనులకు ఒక్క రూపాయి కూడా అడగలేదు.

తవ్వకం విషయం ఒకటి చెప్పాలి. టెండర్‌లో 640 ఘనపు మీటర్లు అనుకున్నాం. గట్టి నేల అందడానికి వెనక వైపు ఫుటింగులు లోతుకు వెళ్లాయి కాబట్టి అసలు తవ్వింది 712. కాంక్రీటు పడకముందే ఆ లోతులు కొలిచి మెజర్‌మెంట్ బుక్‌లో రాశాం. ఆ పేజీల మీద ఆర్కిటెక్ట్ గారి సంతకం ఉంది. రేటు ఒప్పందంలోదే.

లోపాల సంగతి

ఏడాదిలో మీరు రాసి పంపినవి 14. తలుపులు ఉబ్బి పట్టేయడం, రెండు గదుల్లో టైల్స్ బోలుగా మోగడం, ఒక కిటికీ బందు ఊడటం లాంటివి పన్నెండు మేమే సరిచేశాం. పదమూడోది వంటగది పైపు లీకు. అది మేం వచ్చేదాకా ఆగే పని కాదు. మీరు వేరే ప్లంబర్‌ని పిలవడం న్యాయమే, అందుకే ఆ బిల్లును మా లెక్కలోంచి తీసేశాం.

పద్నాలుగోది టెర్రస్. రెండో అంతస్తు హాలు సీలింగ్‌లో మూడు చోట్ల చెమ్మ కనిపిస్తోందన్నది నిజం, మేమూ చూశాం. అయితే కారణం దగ్గర మన అభిప్రాయాలు కలవడం లేదు. ఆర్కిటెక్ట్ గారు కూడా సర్టిఫికెట్‌లో మిగతా 13 పూర్తయినట్టు రాసి, దీనికి మాత్రం కారణం తేలాలని వేరుగా నమోదు చేశారు.

అప్పగించే ముందు టెర్రస్ మీద 48 గంటలు నీళ్లు నిలిపి చూశాం. కింద ఎక్కడా తడి రాలేదు, ఆ రిపోర్టు మీద మీ సంతకం కూడా ఉంది. 2024 జూలైలో వరసగా కురిసిన వానలకీ ఏమీ కాలేదు. ఆగస్టులో మీరు పెట్టించిన సోలార్ స్టాండ్‌కు 12 బేస్ ప్లేట్లు, ఒక్కో ప్లేటుకు 4 చొప్పున 48 ఆంకర్ బోల్టులు స్లాబ్‌లోకి దిగాయి. వాటర్‌ప్రూఫింగ్ పొరకు అన్ని చోట్లా రంధ్రం పడింది. చెమ్మ మొదట కనిపించింది సెప్టెంబర్ చివర్లో. మార్చి 20 తనిఖీలో కొలిస్తే ఆ మూడు మచ్చలూ సరిగ్గా మూడు బేస్ ప్లేట్ల కిందే ఉన్నాయి. పొరే పాడైతే తడి నీటి వాలు వైపో, పారాపెట్ మూలల్లోనో ముందు దిగాలి. ఆ చోట్లు పొడిగా ఉన్నాయి.

మా పనితనం, మేం వాడిన సామాను వల్ల వచ్చే లోపాలే మా బాధ్యత కిందికి వస్తాయి. అప్పగించాక వేరొకరు వేసిన రంధ్రాలు అందులోకి రావు. అయినా దీన్ని మాటలతో తేల్చాలని మేం పట్టుబట్టడం లేదు. ఆ మూడు ప్లేట్లూ విప్పి, రంధ్రాలు మూసి, ఆర్కిటెక్ట్ గారి ఎదుట మళ్లీ 48 గంటలు నీళ్లు నిలుపుదాం. అప్పుడూ తడి దిగితే లోపం మా పొరది. గడువు దాటినా మా ఖర్చుతోనే సరిచేస్తాం, పరీక్ష ఖర్చు కూడా మాదే. తడి దిగకపోతే రంధ్రాలు మూసిన ఖర్చు, పరీక్ష ఖర్చు మీరు భరించాలి. ఏప్రిల్ 12 తర్వాత మీకు వీలైన ఏ రోజైనా మా మనుషుల్ని పంపుతాం.

అందాకా ఈ ఒక్క పనికి ఎంత ఆపాలన్నది తేల్చాలి. మూడు చోట్లా మళ్లీ పొర వేసి, సీలింగ్ పెయింట్ చేయడానికి ఆర్కిటెక్ట్ గారి అంచనా 45,000. పరీక్ష ఫలితం వచ్చేదాకా అంతవరకు ఆపుకోండి, మాకు అభ్యంతరం లేదు. 45,000 పని కోసం 4,96,400 మొత్తాన్ని ఆపడం మాత్రం సరికాదు. ఇది మేం ఎప్పుడో చేసిన పనికి వచ్చిన బిల్లులోంచి, లోపాలు సరిచేస్తామన్న భరోసా కోసం పట్టి ఉంచిన సొమ్ము. టైల్స్, ప్లంబింగ్, పెయింటింగ్ చేసిన మేస్త్రీల రిటెన్షన్ కూడా ఇందులోనే ఇరుక్కుంది. మీ దగ్గర్నుంచి రాగానే వాళ్లకు ఇస్తామని మాట ఇచ్చాం.

కాబట్టి మా విజ్ఞప్తి ఇది. ఏప్రిల్ 27లోపు 4,51,400 విడుదల చేయండి. మిగిలిన 45,000 టెర్రస్ పరీక్ష ఫలితాన్ని బట్టి ఏడు రోజుల్లో తేలాలి. 9,22,500 పర్ఫార్మెన్స్ బ్యాంక్ గ్యారంటీ ఏప్రిల్ 30తో ముగుస్తుంది. దాన్ని పొడిగించమని అడగకుండా ఒరిజినల్ పత్రాన్ని డిశ్చార్జ్ లెటర్‌తో కలిపి వాపసు ఇవ్వండి. గడువు దాటితే క్లాజ్ 21లో వడ్డీ ఉంది, దాని దాకా వెళ్లే అవసరం రాదని నమ్ముతున్నాం.

పై మొత్తాలు అందాక ఈ ఒప్పందం కింద మా నుంచి మరే క్లెయిమూ ఉండదు. నో క్లెయిమ్ సర్టిఫికెట్ సంతకం చేసి సిద్ధంగా ఉంచాం, చెల్లింపు రోజునే అందిస్తాం. వాటర్‌ప్రూఫింగ్ ఏజెన్సీ ఇచ్చిన ఐదేళ్ల గ్యారంటీ మీ పేరు మీదే కొనసాగుతుంది. ఆ గ్యారంటీ నిలవాలంటే బోల్టు రంధ్రాలను ఆ ఏజెన్సీ మనుషులతోనే మూయించాలన్న షరతుంది. పరీక్ష రోజు వాళ్లను కూడా పిలిపిస్తాం.

లెక్కలో ఏ పంక్తి మీదైనా సందేహం ఉంటే ఏప్రిల్ 15లోపు రాతపూర్వకంగా తెలియజేయండి. బిల్లులు, మెజర్‌మెంట్ బుక్ తీసుకుని మీ దగ్గరికే వచ్చి కూర్చుని చూపిస్తాం.

ఇట్లు,
కాంట్రాక్టర్ తరఫున,
ప్రాజెక్ట్ మేనేజర్

జతపరిచినవి: అదనపు పనుల ఆదేశాలు మూడు, ఫాల్స్ సీలింగ్ తొలగింపు ఆదేశం, లిఫ్ట్ ఇన్‌వాయిస్, మెజర్‌మెంట్ బుక్ పేజీల కాపీలు, అప్పగింత నాటి నీటి పరీక్ష రిపోర్టు, మార్చి 20 తనిఖీ నోట్, ఫొటోలు, మార్చి 28 సర్టిఫికెట్, ప్లంబర్ బిల్లు కాపీ, ఆర్కిటెక్ట్ గారి 45,000 అంచనా.