మా ఇంటి పచ్చళ్ళు, మారతహళ్లి: వాట్సాప్ కేటలాగ్, బ్రాడ్‌కాస్ట్ సందేశాలు

ప్రొఫైల్‌లో

నూజివీడు మామిడికాయ, పప్పు నూనె, ఇంట్లో దంచిన ఆవపిండి. బెంగళూరు మారతహళ్లిలో మా వంటింట్లోనే పెడతాను. రంగు కలపను, నిల్వ మందు వేయను. FSSAI రిజిస్ట్రేషన్ ఉంది, నంబరు ప్రతి సీసా లేబుల్ మీద చూడొచ్చు. ఫోన్ ఉదయం 10 నుంచి సాయంత్రం 7 వరకు. ఆదివారం పచ్చడి పనే, ఫోన్ ఎత్తలేను.

మొదటిసారి రాసినవారికి వెళ్ళే సందేశం

నమస్కారమండీ. పైన దుకాణం బొమ్మ నొక్కితే కేటలాగ్ తెరుచుకుంటుంది. ఏది, ఎన్ని అరకిలోలు కావాలో, మీ ఏరియా ఏదో రాయండి. వెల్లుల్లి తినరా? అది కూడా ముందే చెప్పండి. వెల్లుల్లి పడని పచ్చళ్ళకి జాడీలు, గరిటెలు వేరే పెట్టుకున్నాను.

కేటలాగ్

*ఆవకాయ (వెల్లుల్లి లేనిది): అరకిలో 300, కిలో 580*

కాయలు నూజివీడు దగ్గర మా అత్తగారి ఊరి తోటలోవి. సాయంత్రం కోసినవి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఇక్కడికొస్తాయి. ఆ రోజే కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో కొట్టి, జీడి తీసి, లోపలి పొర కూడా తుడుస్తాం. ఆ పొర మిగిలితే పచ్చడి రుచి మారుతుంది. మా కొలత: ఆరు గిన్నెల ముక్కకి ఆవపిండి, కారం, ఉప్పు ఒక్కో గిన్నె, గుప్పెడు మెంతులు, ముక్క మునిగేంత నూనె. కారం గుంటూరు మిర్చిది. ఇక్కడి బ్యాడగి కలిపితే రంగు ఇంకా బాగుంటుందని కొందరన్నారు. నిజమే, రంగు బాగుంటుంది, కానీ మన ఆవకాయకి కావలసిన ఘాటు రాదు. తోతాపురితో పెట్టమని కూడా అడుగుతుంటారు. బెంగళూరులో చవగ్గా దొరుకుతుంది గానీ పులుపు చాలదు, నేను పెట్టను.

*ఆవకాయ (వెల్లుల్లితో): అరకిలో 310, కిలో 600*

పై ఆవకాయే. పాయలు పొట్టు తీసి నిండుగా వేస్తాను.

*బెల్లం ఆవకాయ: అరకిలో 320*

పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఎక్కువ తీసుకుంటారు. బెల్లం కరిగి పాకంలా చిక్కబడడానికి కొన్నాళ్ళు పడుతుంది. కొత్త సీసా కొంచెం జారుగా ఉంటే కంగారు పడకండి.

*మాగాయ: అరకిలో 340*

చెక్కు తీసిన ముక్క మూడు రోజులు ఉప్పూ పసుపులో ఊరాలి. ఆ తర్వాత ముక్కనీ ఊటనీ విడివిడిగా ఎండబెట్టాలి. బెంగళూరు మేలో మధ్యాహ్నం ఎండ, సాయంత్రం వాన. అందుకే మాగాయకి తేదీ చెప్పను, ఎండినప్పుడే సిద్ధం. పెరుగు పచ్చడి చేసుకునేవాళ్ళు కిలో తీసుకుంటే చాలాకాలం వస్తుంది.

*గోంగూర: అరకిలో 280*

ఎర్ర గోంగూర. ఆకు కడిగి, నీడలో గుడ్డ మీద ఆరబెట్టి, నూనెలో మగ్గిస్తాను. ఏడాదంతా దొరుకుతుంది.

*పండు మిరపకాయ: అరకిలో 320*

శివరాత్రి దాటాక కొన్ని వారాలే దొరుకుతుంది. ఈ ఏడాదిది అయిపోయింది.

తరచూ అడిగేవాటికి సిద్ధంగా పెట్టుకున్న జవాబులు

/నిల్వ
ఆవకాయ బయటే ఉంచవచ్చు, ఏడాది ఉంటుంది. గోంగూర మాత్రం తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్ద సీసాలోంచి వారానికి సరిపడా చిన్న గిన్నెలోకి తీసుకోండి. తడి గరిటె ఒక్కసారి పడినా బూజు పడుతుంది. పైన నూనె తేలి ఉండాలి. తగ్గితే పప్పు నూనె కాచి, పూర్తిగా చల్లార్చి పోయండి.

/డబ్బు
ఈ నంబరుకే ఫోన్‌పే, గూగుల్‌పే. సీజన్ పచ్చళ్ళకి సగం ముందు, సగం అందాక. గోంగూరకి ముందు ఏమీ పంపక్కర్లేదు.

/అందజేత
మారతహళ్లి, కుందలహళ్లి, బెళ్లందూరులకు శనివారం మా అబ్బాయి స్కూటర్ మీద తెచ్చి ఇస్తాడు, 40 రూపాయలు. మిగతా చోట్లకి బండి బుక్ చేసి ఎంతవుతుందో ముందే చెబుతాను. ఇంటికొచ్చి తీసుకుంటే ఏమీ లేదు, రుచి చూసి కూడా తీసుకోవచ్చు.

బ్రాడ్‌కాస్ట్ 1: ఏప్రిల్ 12

నమస్కారమండీ, మారతహళ్లి పచ్చళ్ళ నుంచి. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరికీ విడిగా రాస్తూ కొందరిని మరిచిపోయాను, మన్నించండి. ఇకనుంచి కబురు బ్రాడ్‌కాస్ట్‌లో వస్తుంది. ఇది గ్రూపు కాదు, మీ నంబరు ఎవరికీ కనబడదు, మీ జవాబు నాకొక్కదానికే వస్తుంది. ఒక్క సంగతి: నా నంబరు మీ ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే ఈ కబుర్లు అందుతాయి. ఈ మొదటిది మాత్రం మీకు నేను విడిగా పంపుతున్నాను, ఇప్పుడే సేవ్ చేసుకోండి. ఒక లిస్టులో 256 మందికి మించి పట్టరు కాబట్టి ఏరియాల వారీగా మూడు లిస్టులు చేశాను. నెలకి రెండు కబుర్లకి మించి పంపను. వద్దనుకుంటే "వద్దు" అని రాయండి, తీసేస్తాను, ఏమీ అనుకోను.

బ్రాడ్‌కాస్ట్ 2: ఏప్రిల్ 29

కాయలో టెంక గట్టిపడిందని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మే 3 ఆదివారం మొదటి విడత, రెండు రకాల ఆవకాయా కలిపి 40 కిలోలు. మా ఇంట్లో ఉన్న జాడీలకి అంతకంటే పట్టదు, పట్టినా చేత్తో సమంగా కలపలేను. కాయల లెక్క ఊరికి చెప్పాలి కాబట్టి మే 1 సాయంత్రంలోగా రాయండి. పోయినేడు తీసుకున్నవాళ్ళకి రేపటి వరకు ముందు అవకాశం.

బ్రాడ్‌కాస్ట్ 3: మే 6

ఇవాళ మూడో రోజు, జాడీలు తెరిచి తిరగకలిపాను. ఊట బాగా దిగింది, నూనె పైకి తేలింది, ఉప్పు సరిపోయింది. సీసాలకెత్తి శనివారం, మే 9న పంపుతాను. ఆ రోజే వేడన్నంలో కలుపుకోవచ్చు. ముక్క బాగా ఊరాలంటే రెండు వారాలు ఓపిక పట్టండి. మాగాయ ముక్కలు డాబా మీద ఉన్నాయి. నిన్న వాన వస్తే పరుగెత్తి లోపల పెట్టాం, ఇంకో రెండెండలు కావాలి.

బ్రాడ్‌కాస్ట్ 4: మే 16 (బయటి ఊళ్ళ లిస్టుకి)

హైదరాబాద్‌కీ పుణేకీ పంపిన వాటిలో నాలుగు గాజు సీసాలు దారిలో కారాయి. ఒకరి పెట్టెలో బట్టలకి నూనె అంటిందట. కొరియర్‌వాళ్ళు పెట్టె తలకిందులు చేసి ఉండవచ్చు, కానీ మూత బిగించింది నేను, ఆ బాధ్యత నాది. ఆ నలుగురికీ నిన్నే మళ్ళీ పంపాను, డబ్బు అడగను. ఇకపై దూరం వెళ్ళేవన్నీ మందం పౌచ్‌లో నింపి, రెండుచోట్ల సీలు వేసి, పైన ఇంకో కవరు తొడిగి డబ్బాలో పెడతాను. అందగానే చిన్న తడి కనబడినా ఫోటో తీసి పంపండి. మొహమాట పడకండి. మీరు చెప్పకుండా ఊరుకుంటే తప్పెక్కడ జరిగిందో నాకు తెలియదు.

బ్రాడ్‌కాస్ట్ 5: మే 30

రెండో విడత ఆవకాయ కూడా పూర్తిగా వెళ్ళిపోయింది. వానలు మొదలయ్యాయి, కాయలో పులుపు తగ్గింది, ఈ ఏడాదికి ఇంక పెట్టను. కేటలాగ్‌లో ఆవకాయ మూడు రకాలూ కనబడకుండా దాచాను, మళ్ళీ ఏప్రిల్‌లో తెరుస్తాను. మాగాయ తొమ్మిది అరకిలోలు మిగిలాయి. గోంగూర శుక్రవారం పెడుతున్నాను, కావలసినవాళ్ళు గురువారంలోగా రాయండి. ఖాళీ గాజు సీసాలుంటే మా అబ్బాయికి ఇవ్వండి, సీసాకి 15 రూపాయలు తర్వాతి ఆర్డరులో తగ్గిస్తాను.