విషయం: కావలికి 8న వచ్చిన గ్రానైట్ పలకలు. మూడింటిని గురువారం మార్చి ఇస్తాం

రాజ్యలక్ష్మి గారూ, నమస్కారం.

రాత్రి 11.40కి మీరు పంపిన మెయిల్ పొద్దున్నే చదివాను. ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను. 23న గృహప్రవేశం పెట్టుకుని, కావలి నుంచి చీమకుర్తి దాకా వచ్చి, ఎండలో నిలబడి ఒక్కో పలకా ఏరుకుని వెళ్లారు. తీరా ఇంటి ముందు దిగింది వేరే రాయి. పైగా రెండు రోజులు ఫోన్ చేసినా మా వైపు నుంచి పలికినవాళ్లు లేరు. మీకు కోపం రావడంలో తప్పేమీ లేదు. మీ స్థానంలో నేనున్నా ఇలాగే రాసేవాడిని. జరిగినదానికి మా అందరి తరఫున క్షమాపణ చెబుతున్నాను.

ఈ ఉదయం యార్డులో లోడింగ్ పుస్తకం తీసి, ఆ రోజు పలకలు ఎక్కించిన మనిషిని కూర్చోబెట్టి అడిగాను. మీరు 2వ తేదీన 8 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న బ్లాక్ గెలాక్సీ పలకలు 7 తీసుకున్నారు. మొత్తం 140 చదరపు అడుగులు, అడుగు 210 రూపాయలు. లోడ్ చేసేటప్పుడు వాటిలో రెండింటి అంచులు చిట్లాయి. మా మనిషి మీకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. పక్క బ్లాకు వరసలోంచి రెండు తీసి ఎక్కించేశాడు. మీ మూడో ఫోటోలో చుక్క పెద్దదిగా, కాస్త ఎర్రగా కనబడుతున్నవి అవే. ఈ రాయిలో బంగారు చుక్క సహజంగా వచ్చేది, ఒక్కో బ్లాకులో ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒక వంటింటి గట్టుకి ఒకే బ్లాకు రాయి పంపాలి. అది మా పని, మేం చేయలేదు. మిమ్మల్ని మోసం చేయాలని మార్చింది కాదు గానీ, చెప్పకుండా మార్చడం తప్పే.

మూలన పగిలిన పలక యార్డులో ఎక్కించేటప్పుడు బాగానే ఉంది, ఫోటో ఉంది. దారిలో పగిలిందా, దించేటప్పుడు పగిలిందా అని మీతో వాదన పెట్టుకోను. అదీ మా ఖర్చే.

మందం గురించి మాత్రం ఒక మాట. 20 మిల్లీమీటర్లు చూపించి 18 పంపామని రాశారు. మీరు చూసిన శాంపిల్ ముక్క 20ది, నిజమే. మీరు సంతకం చేసిన ఆర్డర్ కాగితంలో ఉన్నది 18, ధర కట్టిందీ దానికే. మీరు టేపు పెట్టి తీసిన ఫోటోలో కూడా 18 ఉంది. అయితే ఆ తేడాని మావాళ్లు ఆ రోజే మీకు నోటితో చెప్పి ఉండాల్సింది. ఇందులో రాయి మార్చే పని లేదు.

ఇప్పుడు చేసేది ఇది. మీ బ్లాకులో కోసిన పలకలు ఇంకా 4 ఉన్నాయి. వాటిలో 3 మీ పేరు సుద్దతో రాసి పక్కన పెట్టించాను. మీ పలకల నుంచి కోయగా మిగిలిన జానెడు ముక్క కూడా దొరికింది. ఈ రోజు మధ్యాహ్నం 3 గంటలకు నేనే వీడియో కాల్ చేస్తాను. ఆ ముక్కను మూడు పలకల మీదా ఎండలో పెట్టి, నీళ్లు చల్లి చూపిస్తాను. మీరు సరే అన్నాకే లోడింగ్. 13వ తేదీ గురువారం ఉదయం 6కి బండి బయల్దేరి 10 లోపు మీ ఇంటి దగ్గరుంటుంది. దించడానికి మా మనుషులే వస్తారు, పాత మూడింటినీ అదే బండిలో తెచ్చేస్తారు. ఒక్క పైసా ఇవ్వొద్దు, డ్రైవర్ అడిగినా సరే. అప్పటిదాకా ఆ మూడూ కోయొద్దని, అతికించొద్దని మీ మేస్త్రికి చెప్పండి. ఇప్పటికే ఏదైనా బిగించేసి ఉంటే చెప్పండి, తీసి మళ్లీ వేయడానికి మా మేస్త్రిని పంపిస్తాను.

పని ఆగి మేస్త్రికి, కూలీకి దండగైన 2,400 మీరు ఆర్డర్ డబ్బు పంపిన యూపీఐకే ఈ సాయంత్రం వేస్తాం.

వీడియోలో చూశాక రాయి నచ్చకపోతే మొహమాటం వద్దు. మూడు పలకల ధర 12,600, దాని మీద జీఎస్టీ 2,268, మొత్తం 14,868 రేపే వెనక్కి వేస్తాం. మీరు ఎక్కడైనా కొనుక్కోవచ్చు.

బిల్లు మీదున్న నంబరు గృహప్రవేశం అయ్యేదాకా నా దగ్గరే ఉంటుంది, నేనే ఎత్తుతాను. 3 గంటలు మీకు కుదరకపోతే ఏ టైమైతే వీలో ఒక్క మెసేజ్ పెట్టండి.

ఇట్లు,
శ్రీనివాసులు
యార్డు మేనేజర్, చీమకుర్తి
11వ తేదీ, మంగళవారం