ముందు రోజూ వేసుకునే మాత్రలు చూపించు అన్నా

కడపలో నాది చిన్న మందుల షాపు. రాత్రి తొమ్మిది దాటినాక, కౌంటర్ దగ్గర ఇంకెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అంగస్తంభనకు 'ఆ మాత్ర' అడిగేవాళ్లు వస్తుంటారు. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వను. ఇవ్వకపోయినా ఒక మాట మాత్రం అడుగుతాను: "రోజూ ఏమేం మందులు వేసుకుంటావు అన్నా?"

మొన్న ఎర్రగుంట్ల నుంచి ఒకాయన వచ్చాడు. నలభై ఆరేళ్లు, నాపరాళ్ల పాలిష్ పని. చొక్కా జేబులోంచి నలిగిన స్ట్రిప్ తీశాడు. అటెనోలాల్ 50, రోజుకొకటి. "ఇది బీపీది కదన్నా, దీనికీ దానికీ ఏం సంబంధం?" అన్నాడు. ఎప్పుడు మొదలుపెట్టినారంటే ఉగాదికి ముందన్నాడు. ఇబ్బంది ఎప్పటినుంచి అంటే, కాసేపు లెక్కేసుకుని, "ఉగాది అయినంకనే" అన్నాడు.

ఈ తేదీల లెక్క ఏ పరీక్షకూ తీసిపోదు. కొత్త మందు మొదలైన కొన్ని వారాలకో, డోసు పెంచినాకో అంగస్తంభన తగ్గితే మందును అనుమానించాలి. బీపీ మందుల్లో అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి పాత బీటా బ్లాకర్లు, హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ అనే నీటి మాత్రలు, స్పైరనోలాక్టోన్ ఈ పేరు మోస్తాయి. నీటి మాత్రతో చిక్కేమంటే అది చాలాసార్లు వేరే మందుతో కలిసి ఒకే బిళ్లలో ఉంటుంది. పేరు చివర 'హెచ్' ఉంటే వెనక సన్న అక్షరాల్లో చూడండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఆమ్లోడిపిన్‌లతో ఈ ఇబ్బంది తక్కువ. బీటా బ్లాకరే కావాలంటే నెబివోలాల్ కాస్త నయం.

అలాగని అన్నీ మందు మీదికి తోసెయ్యలేం. బీపీ, షుగరు, సిగరెట్టు కూడా రక్తనాళాలను పాడుచేసి ఇదే పని చేస్తాయి. కొందరిలో గుండెజబ్బు బయటపడేముందు కనిపించే మొదటి సూచన ఇదే. మనసు పాత్రా చిన్నది కాదు. 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో అటెనోలాల్ ఇచ్చిన మగవాళ్లను మూడు గుంపులు చేశారు. ఏ మందో తెలియనివాళ్లలో నూటికి ముగ్గురికి, మందు పేరు మాత్రమే తెలిసినవాళ్లలో దాదాపు పదహారు మందికి, ఈ ఇబ్బంది రావచ్చని కూడా విన్నవాళ్లలో ముప్ఫై ఒక్కమందికి సమస్య వచ్చింది. నేను ఇది రాయడమే కొందరికి టెన్షన్ పెడుతుందేమో! పొద్దున నిద్రలేచేటప్పుడు స్తంభన మామూలుగానే ఉందా అన్నది గమనించండి. ఉంటే ఒంట్లో లోపం కంటే మనసులో దిగులు కారణమయ్యే అవకాశం ఎక్కువ. ఆ సంగతి డాక్టర్‌కూ చెప్పండి.

డిప్రెషన్ మందుల్లో ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, పారాక్సిటిన్‌లు కోరిక తగ్గిస్తాయి, స్ఖలనం ఆలస్యం చేస్తాయి, స్తంభననూ దెబ్బతీస్తాయి. బ్యూప్రోపియాన్, మిర్టజపిన్‌లలో ఇది తక్కువ, కానీ అవి అందరికీ సరిపడవు. జుట్టు రాలకుండా, ప్రోస్టేట్‌కు వాడే ఫినాస్టెరైడ్, మానసిక జబ్బుకు వాడే రిస్పెరిడోన్ కూడా గుర్తుంచుకోండి.

ఎర్రగుంట్లాయన స్ట్రిప్ జేబులో పెట్టుకుంటూ "అయితే రేపటి నుంచి ఆపేస్తా" అన్నాడు. నాకు గుండె జారింది. అటెనోలాల్ ఉన్నపళంగా ఆపితే గుండె దడ, ఛాతీనొప్పి, గుండెజబ్బు ఉన్నవాళ్లకైతే గుండెపోటే రావచ్చు. డిప్రెషన్ మందులు ఠక్కున మానేస్తే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం, జబ్బు తిరగబెట్టడం మామూలే. మార్చడమైనా, తగ్గించడమైనా రాసిన డాక్టరే మెల్లగా చెయ్యాలి.

ఓపీలో వెనక పదిమంది నిలబడి ఉంటే నోరు పెగలదు, నిజమే. అందుకే ఆయన మందు చీటీ వెనక నేనే రాసిచ్చాను: "సార్, ఈ మాత్ర మొదలైనాక అంగస్తంభన సరిగా లేదు. మందు వల్లేనా? గుండెకు ప్రత్యేకంగా దీన్నే ఇచ్చారా, బీపీకి మాత్రమేనా? బదులు వేరేది ఉందా? మారిస్తే ఎన్ని వారాలు చూడాలి? షుగరు, కొలెస్ట్రాల్, టెస్టోస్టిరాన్ పరీక్షలు అవసరమా?" అడగాల్సిన పనిలేదు, చీటీ అందిస్తే చాలన్నాను. గుండెకు ఇచ్చారా అన్నది ఎందుకంటే, గుండెపోటు వచ్చినవాళ్లకు బీటా బ్లాకర్ మార్చడం అంత తేలిక కాదు.

అడుగున ఇంకొక వాక్యం రాసి గీత గీశాను: "ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర వాడుతున్నానా?" అలాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు 'ఆ మాత్ర', అంటే సిల్డెనాఫిల్, వేసుకుంటే బీపీ ప్రాణం పోయేంతగా పడిపోతుంది. స్నేహితుడి దగ్గర తెచ్చుకుని మింగేవాళ్లతో నాకున్న భయం ఇదే.

ఆయన చీటీని రెండుసార్లు చదువుకుని, "మా ఇంటామె చూస్తే?" అన్నాడు. "చూడనీ అన్నా, ఆమెకు ఉగాది నుంచే తెలుసుంటుంది" అన్నాను. నవ్వుతూనే బండి స్టార్ట్ చేశాడు.