శుక్రవారం రాత్రి బయల్దేరుతున్నా

బుజ్జీ, ఫోన్లో నీ గొంతు వినగానే మూడు రాత్రులుగా నిద్ర లేదని తెలిసిపోయింది. అంతా బాగైపోతుందని నేను చెప్పలేను. పక్షవాతం కదా, మామయ్యగారు కోలుకోడానికి ఎన్నాళ్లు పడుతుందో డాక్టరే చెప్పలేదు. పది రోజులు సెలవు పెట్టాను, శుక్రవారం రాత్రి బస్సుకి గుంటూరు వస్తున్నా. రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకి తిప్పడం, ముక్కు గొట్టంలో జావ పోయడం నాకు నేర్పించు. రాత్రిళ్లు నేను కూర్చుంటా, నువ్వు ఇంటికెళ్లి అత్తయ్య పక్కన పడుకో. మందుల చీటీ ఫొటో పంపు, అక్కడ దొరకనివి ఇక్కడ కొని తెస్తా. బాబు స్కూలు సంగతి మా అమ్మ చూసుకుంటుంది, నిన్ననే వచ్చేసింది. ఏడుపొస్తే అర్ధరాత్రైనా ఫోన్ చెయ్. ఏం మాట్లాడక్కర్లేదు, లైన్లో ఉంటా. ఇంతకీ, అన్నం తిన్నావా?